ద్రాక్షారసంలో రాయి

దేవమ్మ గుమ్మంలో చేట పెట్టుకుని గోధుమలు ఏరడం మొదలుపెట్టిందంటే లాలాగూడ రైల్వే క్వార్టర్లలో కాకులు కూడా ఆ వైపు తొంగిచూసేవి కావు. ఆమె చేట నుంచి గింజ కింద పడదు, పడేది రాయే. రాళ్లు తినే కాకి ఇంకా పుట్టలేదు. వర్క్‌షాపులో ఫిట్టరు పని చేసే ఆమె మొగుడు యేసుదాసు, పెళ్లయిన నాటి నుంచి తన పంటికింద రాయి పడలేదని క్యాంటీనులో గొప్పలు చెప్పుకునేవాడు. పక్కవాడు అన్నంలో రాయి తగిలి దవడ పట్టుకుంటే, "మా ఇంటికి రా అన్నా, ఒక్కపూట తిని పో," అనేవాడు. దేవమ్మకు నగలు లేవు. ఉన్న పేరంతా ఆ చేటలోనే ఉంది.

ఆ పేరు వల్లే చర్చిలో ప్రభువు బల్లకు, అంటే ఆరాధనలో తలా ఓ గుక్క ఇచ్చే సంస్కారానికి, ద్రాక్షారసం చేసే పని ఆమెకు దక్కింది. అంతకు ముందు ఆ పని ఆమె అత్తది. అత్తకు చూపు మందగించాక, కోడలు ఏరిన బియ్యాన్ని వేళ్లతో తడిమి తడిమి చూసి, "నీ చెయ్యి నమ్మచ్చు," అని పెద్ద పింగాణీ జాడీని ఆమె ముందుకు జరిపింది. అత్తగారు కోడలిని మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. దేవమ్మ దాన్ని పతకంలా దాచుకుంది. ద్రాక్షపళ్లు తొడిమలు తీసి చిదమడం, చక్కెర కలపడం, పులియడానికి ఓ గరిటె తాటికల్లు, గుప్పెడు దంచిన గోధుమలు వేయడం, మూతికి గుడ్డ కట్టడం, పొంగు అణిగాక వడగట్టి, మళ్లీ జాడీలో పోసి మూత చుట్టూ పిండి మెత్తి నెలల తరబడి కదపకుండా ఉంచడం. ఏటేటా ఇదే వరస.

నలభై ఎనిమిదిలో మాత్రం వరస తప్పింది. ఎండాకాలం మొదట్లోనే రజాకార్ల గొడవలు, సరిహద్దుల్లో అటకాయింపులు. లారీ ఎక్కడ ఆగిపోతుందో తెలియదు, దుకాణంలో ఏది ఉంటుందో తెలియదు. చక్కెర దొరకడం గగనమైంది. కాప్రాలో ద్రాక్షపందిరి వేసిన పీర్ మహమ్మద్ మామూలుగా పళ్లు మాగి తేనెరంగు తిరిగేదాకా గుత్తిని ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆ ఏడు తనే కబురు పంపాడు.

"రేపు ఏమైతదో తెల్వదమ్మా. తోటకు రానిస్తరో లేదో. ఇయ్యాల్నే కోసుకపోండి."

పళ్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి. దేవమ్మ ఒకటి నోట్లో వేసుకుని కళ్లు గట్టిగా మూసుకుంది, అంత పులుపు. అయినా కోసుకుంది. ఇంట్లో ఉన్న కాస్త చక్కెర జాడీలో పోసి, ప్రార్థన చేసి మూత పెట్టింది. సెప్టెంబరులో పోలీసు యాక్షన్ వచ్చింది. ఫిరంగులు పేలతాయని ఎవరో అంటే దేవమ్మ వెళ్లి మంచం కింద దూరింది. అక్కడ అప్పటికే జాడీ ఉంది. ఫిరంగులైతే వినబడలేదు కానీ, జాడీని వాటేసుకుని పడుకున్న ఆమెను బయటికి పిలవడానికి యేసుదాసుకు చాలాసేపు పట్టింది. "నన్ను సుత ఎప్పుడూ గిట్ల పట్టుకోలేదు గదనే," అన్నాడట.

మిలట్రీ వచ్చింది, రోడ్లు తెరిచారు, జనం ఊపిరి పీల్చుకున్నారు. డిసెంబరులో రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో క్రిస్మస్ సంబరం పెట్టారు. అందులో ఇంట్లో చేసిన ద్రాక్షారసాల పోటీ ఒకటి. తీర్పు చెప్పేది ఆర్థర్. ఆయన సికింద్రాబాదు ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో ఓ సీమ వైను దుకాణంలో చిన్నప్పటి నుంచి పనిచేసినవాడు. తిరుమలగిరి మిలట్రీ మెస్సులకు వెళ్లే సీసాలన్నీ ఆయన ముక్కు దాటి వెళ్లినవే. రుచి చూసి, అది ఎలా ఉందో చిన్న కార్డు మీద రాసి సీసా మెడకు కట్టడం ఆయన ఉద్యోగం. ప్రపంచ యుద్ధంలో ఓడలు రావడం మానేశాక దుకాణం మూతపడింది. ముక్కు మాత్రం మూతపడలేదు.

ఆర్థర్ అన్నీ రుచి చూశాడు, ఉమ్మాడు, ఇంగ్లీషులో కార్డులు రాసి సీసాలకు కట్టాడు, తన వంతు కేకు ముక్క రుమాల్లో చుట్టుకుని చిలకలగూడకు వెళ్లిపోయాడు. అక్కడే వచ్చింది చిక్కు. కార్డులు చదివి అందరికీ తెలుగులో చెప్పే పని ప్రభుదాస్ నెత్తిన పడింది. ప్రభుదాస్ గూడ్స్ ఆఫీసులో గుమస్తా, చర్చిలో పెద్ద, పైగా ఆ పోటీలో ఆయన సీసా కూడా ఉంది. ఆయనకు తెలియని మాట అంటూ ఉండదు. తెలియకపోతే అక్కడికక్కడే తెలుసుకుంటాడు, తనను తానే అడిగి.

మొదటి బహుమతి ఇంజన్ డ్రైవరు భార్య మేబెల్‌ది. ప్రభుదాస్ కార్డు ఎత్తి చదివాడు. "జామీ. అంటే ఇండ్ల జామ్ ఉన్నది." జనం గుసగుసలాడారు. డబ్బా జామ్ కలిపి మొదటి బహుమతి కొట్టేసిందా మేబెలమ్మ? రెండోది ప్రభుదాస్‌దే. "ఓకీ. ఓక్ అంటే సీమల ఉండే గొప్ప చెట్టు," అని మీసం దువ్వుకున్నాడు. అది బిరుదు అనుకున్నాడు కాబట్టి అంతకు మించి అర్థం చెప్పలేదు. వెనక నుంచి ఎవరో, "అంటే కర్ర నానబెట్టినవా అన్నా?" అని అడిగితే వినబడనట్టు తర్వాతి సీసా అందుకున్నాడు.

ఇక దేవమ్మ సీసా. బహుమతి లేదు గానీ, అన్నిటికంటే పొడుగు కార్డు దానిదే. ప్రభుదాస్ గొంతు సవరించుకున్నాడు.

"మినరల్. ఫ్లింటీ. హెర్బేషియస్." కార్డును ఓసారి తిప్పి చూశాడు. "మినరల్ అంటే నాకు బాగ తెలుసు. మా గూడ్స్‌ల రోజూ రాస్త. సున్నపురాయి, కంకర, బొగ్గు, ఇవన్ని మినరల్ కింద పోతయి. ఫ్లింట్ అంటే చెకుముకి రాయి. హెర్బ్ అంటే ఆకు, గడ్డి. మొత్తం మీద దేవమ్మ రసంల రాళ్లున్నయి, గడ్డి సుత ఉన్నది."

హాలులో నవ్వులే నవ్వులు. దేవమ్మ అక్కడే నిలబడి ఉంది, చేతిలో ఖాళీ గ్లాసుతో. ఆమె చెవుల్లోంచి వేడి పొగలు వచ్చినట్టయింది. లోకంలో ఎవరినైనా ఏమైనా అనండి, దేవమ్మ సరుకులో రాళ్లున్నాయని అంటారా?

మంటకు గాలి తోడైనట్టు శారదమ్మ ఉండనే ఉంది. చర్చి స్త్రీల సంఘానికి ఆమె పెద్ద. చెడ్డ మనిషి కాదు. కాకపోతే ఏ విషయమైనా తన నోట పడకుండా ఊరు దాటకూడదనేది ఆమె పట్టుదల. ఆదివారం నాటికి కథ పెరిగింది. ఒకరి పన్ను విరిగిందన్నారు, ఒకరి గ్లాసులో గడ్డిపరక తేలిందన్నారు. శారదమ్మ నేరుగా పాస్టర్ అయ్యగారి దగ్గరికి వెళ్లింది.

"అయ్యగారూ, ప్రభువు బల్ల అంటే ఆట గాదు. ముసలోళ్లు తాగుతరు, పిల్లలు తాగుతరు. రాళ్లున్న రసం ఎట్ల పోస్తం? ఇగ నుంచి మా కోడలు చేస్తదిలెండి."

అయ్యగారు శాంతస్వభావులు. ఎవరి మాటా కొట్టెయ్యరు, అందువల్ల ప్రతి గొడవా ఆయన ఇంటి వరండాలోనే తేలాల్సి వస్తుంది. శనివారం సాయంత్రం పెద్దలు కూర్చుని చూద్దామన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి దేవమ్మకు అన్నం సహించలేదు. అత్త ఇచ్చిన జాడీ తన చేతుల్లోంచి పోతే, పోయేది జాడీ ఒక్కటే కాదని ఆమెకు తెలుసు. మిగిలిన గోధుమలు చేటలో పోసి మళ్లీ ఏరింది. ఒక్క రాయీ దొరకలేదు. కళ్ల నీళ్లు గోధుమల్లో పడ్డాయి.

"పోనియ్యే," అన్నాడు యేసుదాసు. "ఒక్క ఏడు వాళ్లనే చెయ్యనీ. నీ చెయ్యి ఎట్లాంటిదో అప్పుడు తెలుస్తది."

"నువ్వు ఊకో. ఇన్నొద్దులు తిన్నవు గద, ఒక్క రాయన్న తగిలిందా? గా మాట క్యాంటీన్ల చెప్తవు, చర్చిల చెప్పనీకి నీకు నోరు రాదు గాని, పోనియ్యమంటవు!" అని చెంగు బిగించి లేచింది. "రాసినాయన్నే అడుగుత."

సందు చివర మేబెల్ ఎదురైంది. గొడుగును కత్తిలా పట్టుకుని, ముఖం కందగడ్డ చేసుకుని ఆమె కూడా అటే బయలుదేరింది. "చూడు దేవమ్మా! నేను డబ్బా జామ్ కలిపిన అంటారు అందరు! మా హస్బెండ్ సుత అడిగినాడు, జామ్ ఏ దుకాణంలో కొన్నావ్ అని! ఆర్థర్‌ను నేను ఇయ్యాల వదలను." ఓడిన మనిషికీ, గెలిచిన మనిషికీ ఒకే కోపం రావడం దేవమ్మకు కాస్త ఊరటనిచ్చింది. ఇద్దరూ కలిసి చిలకలగూడ చేరారు.

ఆర్థర్ పడక కుర్చీలో కూర్చుని పిల్లికి పాలు పోస్తున్నాడు. ఇద్దరాడవాళ్లు ఒకేసారి మీదపడితే ముందు ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు దగ్గుగా మారి, మేబెల్ వీపు మీద చరిస్తే గానీ ఆగలేదు. మేబెల్ కాస్త గట్టిగానే చరిచింది.

"అయ్యో! నేను అందులో ఏం ఉన్నదో రాయలేదమ్మా. ఏం లాగ ఉన్నదో రాసిన," అన్నాడు. "మల్లెపూవు వాసన ఉన్న బియ్యం అంటే బియ్యంలో మల్లెపూలు వేసినారా?"

ముందు మేబెల్ లెక్క తేల్చాడు. జామీ అంటే జామ్ కలిపిందని కాదు, బాగా మాగిన పండునో, పొయ్యిమీద ఉడికిన పండునో చూసినట్టు వచ్చే వాసన. "నువ్వు పళ్లు ఉడకబెట్టినావా?" అని అడిగాడు. మేబెల్ కోపం దిగిపోయి నేల చూపులు చూసింది. కాలం బాగా లేదు, పాడవుతుందేమోనని నల్లద్రాక్షను చక్కెరతో సహా ఉడికించి మరీ పులియబెట్టింది. "అదే! ఉడికిన పండు వాసన నా ముక్కుకు వచ్చింది, అదే రాసిన."

"మరి ప్రభుదాసన్న సీసా సంగతో?" అంది దేవమ్మ.

"ఆయనది ఒక్కటే నిజంగ చెక్క సంగతి. మెస్ వాళ్లు అమ్మేసిన పాత బ్రాందీ పీపా కొని అందులో పోసినాడు. ఓక్ చెక్క పీపా. దాని లోపలి వైపు మంటకు కాలుస్తారు. ఆ చెక్కలో నుంచి దిగుతది వాసన, వెనీలా లాగ, లవంగం లాగ, కొబ్బరి లాగ. చెట్టు ముక్క నానబెట్టినాడని కాదు, పీపా వాసన పట్టిందని." ఆయన దేవమ్మ వైపు తిరిగాడు. "నీది అన్నిటికంటే కష్టం."

ఆర్థర్ గడ్డం గోక్కున్నాడు. హెర్బేషియస్ అంటే కోసిన గడ్డి, తుంచిన పచ్చిమిరప ఆకు, అలాంటి పచ్చి వాసన. పండు మాగకముందే కోస్తే అలా వస్తుంది. తొడిమలు చిదిమినా వస్తుంది.

"తొడిమ ఒక్కటి లేదు దొరా! నా పిల్లల మీద ఒట్టు."

"అయితే పండు పచ్చిది."

దేవమ్మకు కాప్రా పందిరి, పీర్ మహమ్మద్ తొందర, కళ్లు మూయించిన ఆ పులుపు, అన్నీ కళ్లముందు మెదిలాయి. ఈయన ముక్కు మామూలుది కాదు. ఎనిమిది నెలల కింద కాప్రాలో ఏం జరిగిందో గ్లాసులో చూసి చెప్పేస్తున్నాడు.

"మరి రాయి?" అంది, గొంతు తగ్గించి.

"అది పొగడ్త. మా దుకాణంలో ఒక ఫ్రెంచి తెల్ల వైను వచ్చేది. తియ్యగ ఉండదు, పండు వాసన ఎక్కువ ఉండదు. నోట్లో పోసుకుంటే పదునుగ, చల్లగ, నీళ్లూరేటట్టు. ఎండకు కాలిన బండమీద మొదటి చినుకు పడితే వచ్చే వాసన తెలుసు గద? చెకుముకి రాళ్లు కొట్టినప్పుడు వాసన? అట్లాంటిది. దాన్ని ఏమనాలో తెలియక రాయి అంటం. యుద్ధం మొదలైనప్పటి నుంచి నేను అది తాగలేదు. నీ రసం నోట్లో పోసుకుంటే ఆ మాట తనంతట తనే వచ్చింది." ఆయన కళ్లు కొంచెం తడిశాయి, దగ్గు వల్ల కాదు. "పోటీలో తీపే గెలుస్తది. నీ సీసా అడుగున మిగిలింది మాత్రం నేనే తాగిన, ఉమ్మలేదు."

దేవమ్మకు సంతోషం వేసింది. ఆ వెంటనే భయం కూడా వేసింది. "పొగడ్త అయితే నా ఇంట్ల పెట్టుకుంట దొరా. శనివారం నాడు చర్చి పెద్దలకు ఎట్ల చెప్పాలె? రాయి అంటే రాయి గాదు, చినుకు పడ్డ వాసన అంటే శారదక్క ఇంటదా?"

"నేను వస్తా," అన్నాడు ఆర్థర్.

ఆయన రావడం మంచిదే. కానీ ఇంగ్లీషు మాట తెచ్చిన చిక్కును ఇంకో నాలుగు ఇంగ్లీషు మాటలు విప్పుతాయని దేవమ్మకు నమ్మకం లేదు. దారంతా ఆలోచించింది. ఇల్లు చేరాక వంటింటి అటక మీద నుంచి ఓ రేకు డబ్బా దించింది. అందులో ఏముందో చూసి యేసుదాసు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆ డబ్బాలో ఉన్నదాన్ని గిన్నెలో పోసి, నీళ్లు పోసి, పొయ్యిమీద పెట్టింది.

శనివారం వరండా నిండిపోయింది. అయ్యగారు కుర్చీలో, పక్కన ప్రభుదాస్, ఎదురుగా బెంచీమీద శారదమ్మ. ఆర్థర్ టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మేబెల్‌ను ఎవరూ పిలవలేదు, అందుకే ముందు వరసలో కూర్చుంది. దేవమ్మ ఓ సీసా, గుడ్డ కప్పిన గిన్నె తెచ్చి బల్లమీద పెట్టింది.

ఆర్థర్ తన మాట చెప్పాడు. అందరూ మర్యాదగా విన్నారు. చినుకు, బండ, ఫ్రెంచి దేశం. శారదమ్మ తల ఊపి, "బాగనే చెప్పినవ్ గాని సాబ్, రాయి అని రాసింది నువ్వే గద?" అంది. ఆర్థర్ అవునన్నాడు. "గంతే," అని ఆమె చేతులు కట్టుకుంది. ప్రభుదాస్ కూడా తన తెలుగు తప్పు కావడం ఇష్టం లేక, "గూడ్స్‌ల మాత్రం మినరల్ అంటే రాయే," అన్నాడు.

దేవమ్మ లేచింది. గిన్నె మీద గుడ్డ తీసింది. లోపల చిన్న చిన్న గులకరాళ్లు, కడిగి ఉడకబెట్టినవి, తళతళమంటున్నాయి.

"ఇవి ఈ రసంల ఏసిన రేషన్ గోధుమల్ల వచ్చినయి. డీలర్ మొఖాన కొడదామని దాచిపెట్టిన, గడబిడల కుదరలేదు. నేను ఏరిన రాళ్లన్ని ఇగో ఇక్కడున్నయి. ఇవి రసంల ఎట్ల పోతయి?" వరండాలో ఎవరో కిసుక్కుమన్నారు. "గంతే గాదు. సాబ్ రాయి రుచి అన్నడు. రాయి రుచి ఎట్లుంటదో చూద్దాం. తలా ఒకటి తీసుకోండ్రి."

"ఏందీ, రాళ్లు తినాల్నా?" అన్నాడు ప్రభుదాస్.

"మింగకు అన్నా. చప్పరించు."

మొదట అయ్యగారే ఓ రాయి తీసుకుని నోట్లో వేసుకున్నారు. ఆయన వేసుకున్నాక మిగతావాళ్లకు తప్పలేదు. చర్చి పెద్దలందరూ బుగ్గలో తలా ఒక గులకరాయి పెట్టుకుని, పైకి చూస్తూ, చాలా గంభీరంగా చప్పరించారు. అటుగా పాలు పోయడానికి వచ్చిన మనిషి గేటు దగ్గరే నిలబడిపోయాడు. ఏ ఉపవాసమో అనుకుని చెంబు దించి దండం పెట్టాడు.

"ఎట్లుంది అయ్యగారూ?"

అయ్యగారు రాయి ఇటు బుగ్గ నుంచి అటు బుగ్గకు మార్చారు. "ఏమీ లేదమ్మా. చప్పగా ఉంది."

"ప్రభుదాసన్నా?"

"రాయికి రుచి ఏడుంటది!" అన్నాడు ప్రభుదాస్ రాయి ఊసి. అన్నాక గానీ తానేమన్నాడో ఆయనకు తెలియలేదు.

"రాయికి రుచే లేకపోతే, సాబ్‌కు తెలిసిన రుచి రాయిది ఎట్లయితది?" అంది దేవమ్మ. "గది వేరే. ఇగ తాగి చూడండ్రి." గాజు గ్లాసుల్లో కొంచెం కొంచెం పోసింది. ఎండకు ఎత్తి చూపింది. అడుగున ఏమీ లేదు, లేత పసుపు రంగు తప్ప. తాగిన వాళ్ల ముఖాలు ముందు ముడుచుకున్నాయి, తర్వాత విప్పుకున్నాయి. నోరంతా ఊరింది. శారదమ్మ ఒక గుక్క తాగి, చప్పరించి, గ్లాసు మళ్లీ చాపింది. "పరీక్ష కోసం," అంది.

రెండో గుక్క అయ్యాక ఆమె కొత్త ఆయుధం తీసింది. "సరే, రాయి లేదు. మరి గడ్డి? గడ్డి అని సుత రాసిండు గద?"

దేవమ్మ ఆర్థర్ వైపు చూసింది. ఆయన నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టింది. అబద్ధం చెప్పడం తేలిక, తొడిమో ఏదో అని దాటెయ్యచ్చు. కానీ తొడిమ అంటే తన చేట మీద మచ్చ, పచ్చి పండు అంటే తన తెలివి మీద మచ్చ. ఏ మచ్చ పడినా సరే, నిజమే చెబుదామనుకుంది.

"గడ్డి లేదక్కా. పచ్చి పండు వాసన గది. సాబ్ కరెక్టే రాసిండు. పీర్ మహమ్మద్ భాయ్ ముందుగనే కోసుకొమ్మన్నడు, మళ్ల తోటకు పోతమో లేదో తెల్వని దినాలు. చక్కెర సుత సగానికి సగం తక్కువ. తియ్యగ చెయ్యనీకి నా దగ్గర ఏం లేకుండె. ఉన్నదాంతోటి చేసిన. పులుపున్నది, పచ్చివాసన ఉన్నది. చెడిపోలేదు, చెత్త లేదు. అది మీకు ఒద్దంటే జాడీ శారదక్కకు ఇస్త." చివరి మాట దగ్గర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వెనక నుంచి యేసుదాసు లేచాడు. మామూలుగా చర్చి మీటింగుల్లో నిద్రపోయే మనిషి. "అయ్యగారూ, పెండ్లయినకాంచి నాకు ఒక్క రాయి తగల్లేదు," అన్నాడు. అంతే చెప్పి కూర్చున్నాడు. దేవమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపు కోసం ఆయన ఇంకో పదిసార్లైనా లేచేవాడు.

అయ్యగారు తన గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టారు. "ఈ ఏడు మనమంతా ఎలా బతికామో ఈ రసమూ అలాగే ఉంది," అన్నారు. "చక్కెర లేకుండా, తొందర తొందరగా, రేపేమవుతుందో తెలియకుండా. అయినా చెడిపోలేదు. ప్రభువు బల్ల మీద ఈసారి ఇదే ఉండాలి. శారదమ్మగారూ, ఏమంటారు?"

అందరూ శారదమ్మ వైపు చూశారు. ఆమె గ్లాసు అడుగు చూస్తోంది. ఆ వేసవిలో ఆమె రెండో కొడుకు బీదర్ వైపు పనిమీద వెళ్లి నెలల తరబడి జాడ లేకుండా పోయాడు. అక్టోబరులో ఓ సాయంత్రం సన్నబడి, గడ్డం పెరిగి, గుమ్మంలో నిలబడ్డాడు. ఆ సంగతి క్వార్టర్లన్నిటికీ తెలుసు.

"జాడీ నాకెందుకు? మా కోడలికి అన్నమే సరిగ వార్చరాదు," అంది శారదమ్మ, ముక్కు తుడుచుకుని. "దేవమ్మనే చెయ్యనీ."

క్రిస్మస్ పొద్దున దేవమ్మ రసమే పోశారు. పెద్దవాళ్లు మొహం చిట్లించారు, కళ్లు మూసుకున్నారు, తలలు వంచారు. ఆర్థర్ మామూలుగా చర్చికి రాడు, ఆ రోజు వచ్చాడు, భక్తి వల్లో దాహం వల్లో దేవుడికే తెలియాలి. ప్రభుదాస్ బయట మెట్ల మీద నిలబడి, మినరల్ అంటే అసలు అర్థం ఏమిటో కొత్తవాళ్లకు వివరించాడు. వారం కింద తనకే తెలియని సంగతి పుట్టుకతోనే తెలిసినట్టు చెప్పాడు.

మరుసటి ఏడు కాలం కుదుటపడింది. రోడ్లు బాగున్నాయి, చక్కెర దొరికింది. పీర్ మహమ్మద్ పందిట్లో ద్రాక్ష తేనెరంగు తిరిగేదాకా ఆగింది. దేవమ్మ చేతినిండా చక్కెర పోసి, కడుపునిండా సంతోషంగా చేసింది. ఇన్‌స్టిట్యూట్ పోటీలో మొదటి బహుమతి ఆమెకే వచ్చింది. కార్డు మీద ఆర్థర్ పండు అనీ, తేనె అనీ రాశాడు. మేబెల్ రెండోది తీసుకుని, ఈసారి పళ్లు ఉడకబెట్టనందుకు తనను తానే తిట్టుకుంది.

క్రిస్మస్ ఆరాధన అయ్యాక దేవమ్మ గిన్నెలు కడుగుతోంది. శారదమ్మ వచ్చి పక్కన నిలబడింది. కాసేపు ఏదో వెతుకుతున్నట్టు నాలుకతో పెదవులు తడుముకుంది.

"బాగనే ఉన్నది గాని దేవమ్మా," అంది చివరికి, కాస్త దిగులుగా. "ఏందే, ఈసారి రాయి ఏరేసినవా?"